10X లో స్క్వేర్ వేవ్ మూలలు ఎందుకు వంగుతాయి? ప్రోబ్ మీది ఆ చిన్న స్క్రూ ఏం చేస్తుంది?

ప్రశ్న: కొత్తగా ఆసిలోస్కోప్ కొన్నాను. ప్రోబ్‌ని 10X లో పెట్టి, స్కోప్ ముందున్న 1 కిలోహెర్ట్జ్ పిన్‌కి తగిలిస్తే స్క్వేర్ వేవ్ మూలలు గుండ్రంగా వస్తున్నాయి. 1X లో పెడితే చక్కగా ఉంది. ప్రోబ్ పాడైందా? దాని మీదున్న చిన్న స్క్రూ దేనికి? ఒకసారి తిప్పితే చాలా, రోజూ చూసుకోవాలా?

జవాబు: ప్రోబ్ పాడవలేదు. అది ఇంకా మీ స్కోప్‌కి సర్దుబాటు కాలేదు, అంతే. 10X లోనే ఉంచి, ఆ స్క్రూని ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా తిప్పండి. వేవ్ పైభాగం స్కేలు పెట్టి గీసినట్టు చదునుగా వచ్చిన చోట ఆపేయండి. రోజూ తిప్పక్కర్లేదు. ప్రోబ్‌ని వేరే ఛానల్‌కి గానీ వేరే స్కోప్‌కి గానీ మార్చినప్పుడు మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

చేయాల్సిన పని రెండు నిమిషాలది. కానీ దాని వెనకున్న కారణం తెలుసుకోవడం చాలా అవసరం. ఎందుకంటే సర్దుబాటు తప్పిన ప్రోబ్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర తన తప్పు తానే చూపిస్తుంది. అదే ప్రోబ్‌తో 50 కిలోహెర్ట్జ్ సిగ్నల్ చూస్తే మూలలు చక్కగా, పైభాగం చదునుగా కనిపిస్తుంది, వోల్టేజీ మాత్రం తప్పు చెబుతుంది. చూడటానికి ఏ లోపమూ ఉండదు కాబట్టి అనుమానం కూడా రాదు.

ముందు ప్రోబ్ లోపల ఏముందో చూద్దాం. మీ స్కోప్ ఇన్‌పుట్ దగ్గర 1 మెగాఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. 10X ప్రోబ్ మొన దగ్గర 9 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. రెండూ కలిస్తే పదో వంతు డివైడర్. డీసీ కొలవడానికి ఇది చాలు. చిక్కంతా కెపాసిటెన్స్‌తో వస్తుంది. స్కోప్ ఇన్‌పుట్‌కి తనదంటూ 15, 20 పికోఫారడ్‌లు ఉంటాయి, బీఎన్‌సీ సాకెట్ పక్కన సాధారణంగా ఆ విలువ రాసి ఉంటుంది. ప్రోబ్ కేబుల్‌కి మరికొన్ని పదుల పికోఫారడ్‌లు. ఇవన్నీ ఆ 1 మెగాఓమ్‌కి సమాంతరంగా వచ్చి కూర్చుంటాయి, మనం వద్దన్నా పోవు.

లెక్క సులువుగా ఉండేలా కేబుల్, స్కోప్, ప్రోబ్ బాక్సు అన్నీ కలిపి 108 పికోఫారడ్‌లు అనుకుందాం. ప్రోబ్ మొనలో 9 మెగాఓమ్ ఒక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే ఏమవుతుంది? ఆ 9 మెగాఓమ్ గుండా వచ్చే కాస్త కరెంటే ఈ 108 పికోఫారడ్‌లనూ ఛార్జ్ చేయాలి. టైమ్ కాన్‌స్టంట్ దాదాపు 97 మైక్రోసెకన్లు వస్తుంది, అంటే బ్యాండ్‌విడ్త్ 1.6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ముగుస్తుంది. డబ్బా మీద 100 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న ప్రోబ్ ఆడియో సిగ్నల్‌ని కూడా సరిగ్గా చూపించలేదన్నమాట.

అందుకే 9 మెగాఓమ్‌కి సమాంతరంగా ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. దాంతో ప్రోబ్‌లో రెండు డివైడర్లు పక్కపక్కనే ఉన్నట్టు. నెమ్మదైన సిగ్నల్‌ని రెసిస్టర్లు భాగిస్తాయి, వేగమైన సిగ్నల్‌ని కెపాసిటర్లు భాగిస్తాయి. ఈ రెండూ ఒకే నిష్పత్తిలో భాగిస్తేనే మనకు అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా కచ్చితంగా పదో వంతు వస్తుంది. R1, C1 ప్రోబ్ మొనవి, R2, C2 కేబుల్, స్కోప్ వైపువి అనుకుంటే షరతు ఇది:

```
R1 × C1 = R2 × C2
9 MΩ × 12 pF = 1 MΩ × 108 pF = 108 µs
```

మొన దగ్గర 12 పికోఫారడ్‌లు ఉంటే కెపాసిటర్ డివైడర్ 12 / (12 + 108), అంటే పదో వంతు. రెసిస్టర్ డివైడర్ 1 / (1 + 9), అదీ పదో వంతే. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. కాంపెన్సేషన్ అంటే ఈ రెండు నిష్పత్తులను కలపడమే. స్క్రూ కింద ఉన్నది ఒక ట్రిమ్మర్ కెపాసిటర్. కొన్ని ప్రోబ్‌లలో అది పట్టుకునే పిడి దగ్గర ఉండి C1 ని మారుస్తుంది, కొన్నింటిలో బీఎన్‌సీ వైపు బాక్సులో ఉండి C2 ని మారుస్తుంది. అందువల్ల ఎటు తిప్పితే ఏమవుతుందో బట్టీ పట్టకండి, స్క్రీన్ చూస్తూ తిప్పండి.

ప్రోబ్ తయారు చేసేవాళ్లే దీన్ని ఫ్యాక్టరీలో ఎందుకు సర్ది పంపరు అని అడగొచ్చు. C2 లో కొంత భాగం మీ స్కోప్‌ది. ఒక మోడల్‌లో 13 పికోఫారడ్‌లు, ఇంకో దాంట్లో 20, పాత అనలాగ్ వాటిలో 25, 30. ఒకే స్కోప్‌లో ఛానల్ 1 కీ ఛానల్ 2 కీ మధ్య కూడా కాస్త తేడా ఉండొచ్చు. ప్రోబ్ దేనికి తగులుకుంటుందో ఫ్యాక్టరీకి తెలియదు కదా.

1X లో ఈ గొడవ ఎందుకు లేదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. 1X స్విచ్ ఆ 9 మెగాఓమ్‌ని పక్కకు తప్పించి మొనని నేరుగా కేబుల్‌కి కలుపుతుంది. డివైడరే లేనప్పుడు సర్దాల్సింది ఏమీ ఉండదు, స్క్రూ తిప్పినా తేడా కనపడదు. అలాగని 1X మేలు అనుకోకండి. 1X లో మీ సర్క్యూట్ మీద కేబుల్, స్కోప్‌ల 100 పికోఫారడ్‌ల బరువంతా నేరుగా పడుతుంది. 10X లో 12, 108 పికోఫారడ్‌లు వరుసలో ఉంటాయి కాబట్టి సర్క్యూట్‌కి కనిపించేది 11 పికోఫారడ్‌ల లోపే. క్రిస్టల్ ఆసిలేటర్ పిన్ మీద 1X పెడితే ఆసిలేషన్ ఆగిపోవడం చాలామంది చూసే ఉంటారు.

ఇక స్క్వేర్ వేవ్ సంగతి. స్క్వేర్ వేవ్‌లో రెండు భాగాలుంటాయి: నిట్టనిలువుగా లేచే అంచు, ఆ తర్వాత కదలకుండా ఉండే పైభాగం. అంచు చాలా వేగమైనది కాబట్టి అది ఎంత ఎత్తుకు లేవాలో కెపాసిటర్లు నిర్ణయిస్తాయి. పైభాగం చివరికి ఏ ఎత్తులో నిలబడాలో రెసిస్టర్లు నిర్ణయిస్తాయి. రెండూ ఒకే ఎత్తు చెబితే మూల 90 డిగ్రీలతో వస్తుంది. చెప్పకపోతే, అంచు ఒక ఎత్తుకు దూకి, అక్కడి నుంచి అసలు ఎత్తుకు నెమ్మదిగా జారుతుంది. మీరు చూస్తున్న ఆ గుండ్రని మూల ఈ జారుడే.

అంకెల్లో చూద్దాం. ట్రిమ్మర్ తప్పుగా ఉండి C2 108 బదులు 120 పికోఫారడ్‌లు అయిందనుకోండి. కెపాసిటర్ డివైడర్ ఇప్పుడు 12 / 132, అంటే పదకొండో వంతు. స్కోప్ పిన్ 3 వోల్టులు ఇస్తుంటే అంచు 2.73 వోల్టుల దాకా ఠక్కున లేస్తుంది. మిగిలిన 0.27 వోల్టులు ఎక్కడానికి అర మిల్లీసెకను దాకా పడుతుంది. దీన్ని అండర్ కాంపెన్సేషన్ అంటారు, మీ కేసు ఇదే. C2 ఉండాల్సిన దానికంటే తక్కువైతే, లేదా C1 ఎక్కువైతే, దీనికి తిరగేసి జరుగుతుంది: అంచు 3 వోల్టులు దాటి పైకి పొడుచుకొచ్చి, తర్వాత కిందికి దిగుతుంది. అది ఓవర్ కాంపెన్సేషన్.

ఇక్కడ ఒక చిన్న విషయం జాగ్రత్తగా గమనించండి. అండర్ కాంపెన్సేషన్‌లో అంచు మొదటి నుంచీ నిదానంగా లేవదు. అది ముప్పాతిక కంటే ఎక్కువ ఎత్తు నిటారుగా లేచి, చివరి కొంచెం మాత్రమే వంగుతుంది. మొత్తం అంచే వాలుగా, కెపాసిటర్ ఛార్జ్ అవుతున్నట్టు అడుగు నుంచీ వంగి ఉంటే అది స్క్రూ సమస్య కాదు. మొనలోని కెపాసిటర్ తెగిపోయి ఉండొచ్చు.

సైన్ వేవ్‌తో ఇది పట్టుకోలేమా అంటే, చూపుతో పట్టుకోలేం. పై తప్పుతోనే 10 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ చూడండి. అది అందమైన సైన్ వేవ్‌గానే వస్తుంది, తొమ్మిది శాతం పొట్టిగా ఉంటుంది, అంతే. అసలు ఎత్తు ముందే తెలిస్తే తప్ప ఆ తప్పు కనపడదు. స్క్వేర్ వేవ్‌లో అయితే తప్పు, ఒప్పు రెండూ ఒకే గీత మీద పక్కపక్కన ఉంటాయి, పోల్చుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు.

1 కిలోహెర్ట్జ్‌నే పెట్టడానికీ కారణం ఉంది. మన టైమ్ కాన్‌స్టంట్ 108 మైక్రోసెకన్లు. 1 కిలోహెర్ట్జ్ వేవ్‌లో పైభాగం 500 మైక్రోసెకన్లు ఉంటుంది, అంటే జారుడు మొదలై దాదాపు పూర్తయ్యేంత సమయం. మొత్తం కథ ఒక్క పైభాగంలో కనిపిస్తుంది. 10 హెర్ట్జ్ పెడితే ఆ జారుడు అంచు పక్కన సన్నని గీతలా నలిగిపోతుంది. 100 కిలోహెర్ట్జ్ పెడితే పైభాగం 5 మైక్రోసెకన్లే, జారడానికి సమయమే దొరకదు కాబట్టి చదునుగా కనిపిస్తుంది. మొదట చెప్పిన దాపరికం ఇదే.

ఆ దాపరికం ఎలా మోసం చేస్తుందో మా బెంచీ మీద జరిగిన కేసు చెబుతాను. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే కన్వర్టర్ బోర్డు రిపేరుకి వచ్చింది. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు మాస్‌ఫెట్ గేట్ దగ్గర సిగ్నల్ చూస్తున్నాడు. 50 కిలోహెర్ట్జ్, డ్యూటీ 40 శాతం. గేట్ డ్రైవర్ ఐసీకి సరిగ్గా 12 వోల్టుల సప్లై. అంటే గేట్ 0 కీ 12 కీ మధ్య ఊగాలి. స్కోప్ మీద మాత్రం పైన 12.9, కింద సున్నాకి 0.6 వోల్టులు దిగువన. మూలలు నిటారుగా, పైభాగం చదునుగా ఉన్నాయి. "అన్నా, గేట్ నెగిటివ్‌కి వెళ్తోంది, గ్రౌండ్ ట్రాక్ ఎక్కడో పోయినట్టుంది" అన్నాడు. డ్రైవర్ ఐసీని కూడా అనుమానించి పీకడానికి సిద్ధమయ్యాడు.

ఆ అంకెల్లో ఒక పోలిక ఉంది. 0 నుంచి 12 వోల్టుల దాకా 40 శాతం డ్యూటీ అంటే సగటు 4.8 వోల్టులు. సగటు డీసీ కాబట్టి దాన్ని రెసిస్టర్లు సరిగ్గానే భాగిస్తాయి. ఆ సగటు చుట్టూ ఊగే భాగం 50 కిలోహెర్ట్జ్, దాన్ని కెపాసిటర్లు భాగిస్తాయి. కెపాసిటర్ల నిష్పత్తి 12 శాతం ఎక్కువుంటే సగటు నుంచి పైకి 7.2 బదులు 8.06, కిందికి 4.8 బదులు 5.38 వస్తుంది. అంటే పైన 12.86, కింద మైనస్ 0.58. స్క్రీన్ మీద ఉన్నవి దాదాపు ఇవే అంకెలు. పైకీ కిందికీ వచ్చిన సాగుదల ఒకే శాతం అయితే బోర్డు కంటే ముందు ప్రోబ్‌ని అనుమానించాలి.

ప్రోబ్ తీసి 1 కిలోహెర్ట్జ్ పిన్‌కి పెట్టించాను. ప్రతి మూల దగ్గరా కొమ్ములా పొడుచుకొచ్చింది, స్పష్టమైన ఓవర్ కాంపెన్సేషన్. ఆ ప్రోబ్ అంతకుముందు రోజు వేరే స్కోప్ మీద ఉంది. పావు చుట్టు కూడా తిప్పకుండానే చదునైంది. మళ్లీ గేట్ మీద పెడితే కింద 0, పైన 12. డ్రైవర్ ఐసీకి ఏమీ కాలేదు. ఆ బోర్డులో అసలు లోపం ఔట్‌పుట్ డయోడ్‌లో ఉంది, అది వేరే సంగతి.

సర్దేటప్పుడు నేను చేసే వరుస ఇది. ప్రోబ్‌ని మీరు వాడబోయే ఛానల్‌కే తగిలించండి. ప్రోబ్ మీద స్విచ్ 10X లో, స్కోప్ ఛానల్ మెనూలో కూడా 10X ఉండాలి. మెనూ తప్పైతే వోల్టేజీ అంకె పది రెట్లు తేడా వస్తుంది, మూల ఆకారం మాత్రం మారదు. కప్లింగ్ డీసీలో పెట్టండి. ఏసీలో పెడితే కొన్ని స్కోప్‌లలో పైభాగం దానంతట అదే కొంచెం వాలుతుంది, మీరు దాన్ని స్క్రూతో సరిదిద్దబోతారు. గ్రౌండ్ క్లిప్‌ని పిన్ పక్కనున్న గ్రౌండ్ లూప్‌కే పెట్టండి.

టైమ్‌బేస్ డివిజన్‌కి 200 మైక్రోసెకన్లు పెడితే స్క్రీన్ మీద రెండు సైకిళ్లు నిండుగా వస్తాయి. నిలువుగా వేవ్ అయిదారు డివిజన్లు ఆక్రమించేలా పెంచండి, స్క్రీన్ బయటికి మాత్రం పోనివ్వకండి. ట్రేస్ దట్టంగా, గరుకుగా ఉంటే యావరేజింగ్ ఆన్ చేయండి, రెండు మూడు శాతం వంపు కూడా తేలిగ్గా తెలుస్తుంది.

ఇప్పుడు స్క్రూ. ప్రోబ్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ పుల్లనే వాడండి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే దాని కెపాసిటెన్స్, మీ చేతి కెపాసిటెన్స్ కూడా ట్రిమ్మర్‌తో కలుస్తాయి. స్క్రీన్ మీద చదునుగా కనిపించి, మీరు చేయి తీయగానే మళ్లీ వంగుతుంది. సిగ్నల్ ఒక్కసారిగా అటూ ఇటూ దూకుతుంటే బలంగా తిప్పుతున్నారని అర్థం. చాలా ట్రిమ్మర్లకు చివర ఆగే చోటు ఉండదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. పూర్తి చుట్టులో సరైన స్థానం రెండుసార్లు వస్తుంది, అందులో ఏదైనా ఫరవాలేదు.

చదునుగా వచ్చిందో లేదో తేల్చడానికి మూలని మాత్రమే చూస్తే సరిపోదు. మూల పక్కనున్న ఎత్తునీ, అదే పైభాగం చివర, అంటే తర్వాతి అంచు పడబోయే ముందున్న ఎత్తునీ పోల్చండి. ఒక హారిజాంటల్ కర్సర్‌ని పైభాగం చివర ఉంచితే ఈ పోలిక కచ్చితంగా తెలుస్తుంది. రెండూ ఒకే గీత మీద ఉంటే పని అయిపోయినట్టే.

ఎంత తిప్పినా చదును రాకపోతే ప్రోబ్ పరిధి మీ స్కోప్‌కి సరిపోవడం లేదన్నమాట. ప్రోబ్ కాగితం మీద కాంపెన్సేషన్ రేంజ్ అని, ఉదాహరణకు 10 నుంచి 35 పికోఫారడ్‌లు అని ఉంటుంది. స్కోప్ బీఎన్‌సీ పక్కనున్న అంకె ఆ రెండింటి మధ్య పడాలి. కేబుల్ తెగిన ప్రోబ్‌కి మామూలు కోయాక్స్ అతికించి ఇచ్చేవాళ్లున్నారు, వాటితోనూ ఇదే తంటా. ఆర్‌జీ-58 లాంటి కేబుల్‌కి మీటరుకి దాదాపు 100 పికోఫారడ్‌లు ఉంటాయి, C2 విలువ ఒక్కసారిగా ట్రిమ్మర్‌కి అందనంత దూరం పోతుంది. పైగా మంచి ప్రోబ్ కేబుల్ లోపలి తీగ కావాలనే రెసిస్టెన్స్ ఉన్న సన్నని తీగ. రాగి తీగతో దాన్ని భర్తీ చేస్తే వేగమైన అంచుల దగ్గర ప్రతిధ్వనులు మొదలవుతాయి.

చివరగా ఒక గందరగోళం తీర్చాలి. కాంపెన్సేషన్ బాగా కుదిరాక కూడా, వేగమైన డిజిటల్ సిగ్నల్ చూస్తే అంచు పక్కన వణుకు కనిపించవచ్చు. అది చూసి మళ్లీ స్క్రూ ముట్టుకోకండి. కాంపెన్సేషన్ తప్పు వంద మైక్రోసెకన్ల లెక్కలో ఉంటుంది, ఈ వణుకు నానోసెకన్ల లెక్కలో ఉంటుంది. ఇది గ్రౌండ్ క్లిప్ తీగ వల్ల వస్తుంది. 15 సెంటీమీటర్ల తీగకి సుమారు 150 నానోహెన్రీలు వేసుకోండి. అది ప్రోబ్ మొన దగ్గరి 11 పికోఫారడ్‌లతో కలిసి 120 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతుంది. మొసలి క్లిప్ తీసేసి, మొన పక్కనే పెట్టుకునే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ వాడితే చాలావరకు తగ్గుతుంది. కొన్ని ప్రోబ్‌ల బీఎన్‌సీ బాక్సులో మూత కింద ఒకటి రెండు అదనపు ట్రిమ్మర్లు ఉంటాయి. అవి హై ఫ్రీక్వెన్సీ సర్దుబాటుకి. వాటిని సర్దాలంటే నానోసెకను అంచులిచ్చే జనరేటర్ కావాలి, 1 కిలోహెర్ట్జ్ పిన్ చూస్తూ వాటిని తిప్పకండి.

నేను ప్రోబ్‌లకు రంగు రింగులు వేసి, ఏ రంగు ఏ ఛానల్‌దో మార్చకుండా వాడతాను. అందుకని నెలల తరబడి స్క్రూ ముట్టుకోవాల్సిన పని ఉండదు. అయినా వోల్టేజీ అంకె ముఖ్యమైన కొలతకి ముందు మాత్రం పిన్ మీద ఒక్కసారి పెట్టి చూస్తాను. మీకు స్క్రూ తిప్పాక కూడా మూల వంగే ఉంటే బీఎన్‌సీ పక్కన రాసిన పికోఫారడ్‌ల అంకె, ప్రోబ్ కాగితం మీది రేంజ్, స్క్రీన్ ఫోటో ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.